సీసీ లిమిట్ 180 నుంచి 250 లక్షలకు: మా లెక్కలో కరెంట్ రేషియో 1.39, బ్యాంకు లెక్కలో 1.06 ఎందుకు?

పెట్టెల_యూనిట్
నమస్కారం అండి. మాది హైదరాబాద్ శివార్లలో అట్టపెట్టెలు తయారు చేసే చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. క్యాష్ క్రెడిట్ లిమిట్ 180 లక్షలు ఉంది, 250కి పెంచమని అడిగాం. 2024-25 ప్రొవిజనల్ లెక్కలు టాలీ నుంచి తీసి ఇచ్చాం. బ్రాంచిలో చూసి "మీ కరెంట్ రేషియో 1.06 వస్తోంది, ఇలా అయితే కష్టం" అన్నారు. నేను వేస్తే 1.39 వస్తోంది. ఇంత తేడా ఎక్కడ వచ్చిందో అర్థం కావడం లేదు.

అంకెలన్నీ లక్షల్లో, 2025 మార్చి 31 నాటికి:

సరుకు నిల్వ 150, కస్టమర్ల బాకీలు 280, నగదు, బ్యాంకు కలిపి 6, అడ్వాన్సులూ ఇతరాలూ 24. మొత్తం 460.
సీసీ వాడకం 178, సప్లయర్లకు ఇవ్వాల్సింది 130, పన్నులూ ఖర్చుల బాకీలూ 22. మొత్తం 330.
మెషీన్లూ షెడ్డూ తరుగుదల పోను 190. టర్మ్ లోన్ 100, డైరెక్టర్లు ఇచ్చిన అన్‌సెక్యూర్డ్ లోన్ 80, మూలధనం, రిజర్వులు కలిపి 140. అందులో పెయిడప్ క్యాపిటల్ 50.

అమ్మకాలు 960, అంతకు ముందు ఏడాది 800. పన్నుకు ముందు లాభం 18, నిరుడు 24. ఏడాదిలోపు డబ్బయ్యే ఆస్తులు 460ని ఏడాదిలోపు కట్టాల్సిన 330తో భాగిస్తే 1.39. మరి 1.06 ఎలా?

లెక్కల_మనిషి
మీ లెక్క కరెక్టే అన్నా. బ్యాంకులకు కావాల్సింది 1.33, టాండన్ కమిటీ కాలం నుంచీ అదే. మీది దాటింది. పైగా 5 కోట్ల లోపు లిమిట్లకు టర్నోవర్ పద్ధతి ఉంది, వచ్చే ఏడాది అమ్మకాల అంచనాలో 20 శాతం ఇవ్వాలి. మీరు 1250 అంచనా చూపిస్తే సరిగ్గా 250 వస్తుంది. రేషియోతో పనే లేదు. ఒక్కటే సరిచూసుకోండి, టర్మ్ లోన్‌లో ఈ ఏడాది కట్టాల్సిన వాయిదాలు కరెంట్ లయబిలిటీలో కలిపారా?

పెట్టెల_యూనిట్
లేదండి. టాలీలో టర్మ్ లోన్ అంతా ఒకే లెడ్జర్‌లో 100గా ఉంది. వచ్చే పన్నెండు నెలల్లో కట్టాల్సింది 30.

క్రెడిట్_డెస్క్
తేడాలో మొదటి ముక్క అదే. వచ్చే ఏడాది కట్టాల్సిన 30 లక్షలు కరెంట్ లయబిలిటీయే, ఆడిటెడ్ బ్యాలెన్స్ షీట్‌లో కూడా స్వల్పకాలిక అప్పుల కిందే చూపాలి. దాంతో 330 కాస్తా 360 అవుతుంది. 460 ÷ 360 అంటే 1.28. అంటే ఆడిటర్ సంతకం పెట్టాక మీ రేషియో 1.39 కాదు, 1.28.

1.28 నుంచి 1.06కి దిగడం బ్యాంకు సొంత లెక్క. మీరిచ్చిన బ్యాలెన్స్ షీట్‌ను ఉన్నది ఉన్నట్టు ఏ క్రెడిట్ ఆఫీసరూ తీసుకోరు. లిమిట్ తేల్చడానికి బ్యాంకు వాడే సీఎంఏ ఫారంలో ప్రతి ఐటమ్‌నూ తిరిగి సర్దుతారు. కరెంట్ ఆస్తి అని రాసినదాంట్లో నిజంగా ఏడాదిలోపు డబ్బుగా మారి వ్యాపారంలోకి వచ్చేది ఎంత అన్నదే వాళ్ల ప్రశ్న. ఆరు నెలలు దాటిన బాకీలను కరెంట్ నుంచి తీసేస్తారు. సొంత మనుషుల సంస్థలకు ఇచ్చిన అప్పులనూ అడ్వాన్సులనూ తీసేస్తారు. 360 మీద 1.06 రావాలంటే కరెంట్ ఆస్తులు 382 ఉండాలి. అంటే మీ లెక్కలోంచి 78 లక్షలు తీసేశారు. ఆ 78 ఏమై ఉంటుందో మీకే తెలియాలి. బాకీల ఏజింగ్, అంటే ఏ బాకీ ఎన్ని రోజులదో చెప్పండి, ఆ 24 లక్షల అడ్వాన్సుల్లో ఏముందో కూడా చెప్పండి.

గుంటూరు_మిల్లు
మాది మిర్చి పొడి మిల్లు. మాకు కరెంట్ రేషియో 1.1 ఉన్నా లిమిట్ ఇచ్చారు. సీజన్‌లో మిర్చి కొని కోల్డ్ స్టోరేజ్‌లో పెట్టి ఆ రసీదు మీద తీసుకున్నాం. మీరు కూడా పేపర్ రీళ్లు గోదాములో పెట్టి రసీదు మీద తీసుకోండి, ఈ రేషియోల గొడవ ఉండదు.

క్రెడిట్_డెస్క్
గుంటూరు గారూ, మీది వేరే రకం అప్పు. అక్కడ సరుకే బ్యాంకు అధీనంలో ఉంటుంది, అమ్మిన సొమ్ముతో ఆ రసీదు విడిపిస్తారు, సీజన్‌తో అప్పు తీరిపోతుంది. వీరి డబ్బు ఇరుక్కున్నది నిల్వలో కాదు, ఇప్పటికే అమ్మేసిన పెట్టెల బాకీల్లో. తాకట్టు పెట్టడానికి అక్కడ సరుకు లేదు.

పెట్టెల_యూనిట్
ఏజింగ్ తీశాను. 90 రోజుల్లోపు 190, 90 నుంచి 180 రోజుల మధ్య 30, ఆరు నెలలు దాటినవి 60. ఆ 60 దాదాపు అంతా ఒక్క కస్టమర్‌దే. వాళ్లు ఆర్డర్లు ఆపేశారు, అప్పుడప్పుడూ లక్షో రెండు లక్షలో పంపిస్తున్నారు. 24 లక్షల అడ్వాన్సుల్లో 18 లక్షలు మా బావమరిది పార్ట్‌నర్‌గా ఉన్న సంస్థకు సర్దుబాటుగా ఇచ్చాం.

క్రెడిట్_డెస్క్
లెక్క కుదిరింది. 60 + 18 = 78. 460 నుంచి తీసేస్తే 382, దాన్ని 360తో భాగిస్తే 1.06. బ్యాంకు తప్పు చేయలేదు.

ఇక టర్నోవర్ పద్ధతి సంగతి. 90ల మొదట్లో నాయక్ కమిటీ సిఫారసుల నుంచి వచ్చిన పద్ధతి అది. అమ్మకాల అంచనాలో 25 శాతం వర్కింగ్ క్యాపిటల్ అవసరం అనుకుని, అందులో 20 శాతం బ్యాంకు, 5 శాతం యజమాని పెట్టాలన్నారు. లెక్కల_మనిషి గారు చెప్పింది ఆ 20 శాతం వరకే. 1250 మీద 5 శాతం అంటే 62.5 లక్షలు మీ సొంతంగా, దీర్ఘకాలిక నిధుల నుంచి, కరెంట్ ఆస్తుల్లో ఉండాలి. బ్యాంకు లెక్కలో మీకున్న నికర వర్కింగ్ క్యాపిటల్ 382 - 360, అంటే 22 మాత్రమే. 40 లక్షలకు పైగా లోటు. కరెంట్ రేషియో చూడడం లేదన్నా ఆ ప్రశ్నే ఇంకో తలుపు నుంచి వస్తుంది: మీ వంతు ఏది?

ఇంకొకటి. 25 శాతం అంటే పెట్టిన డబ్బు తిరిగి చేతికి రావడానికి దాదాపు మూడు నెలల చక్రం. మీ చక్రం అంతకంటే పొడుగు. 280ని 960తో భాగించి 365తో గుణిస్తే బాకీలు 106 రోజులు.

కొత్తగా_చేరా
సర్, నేను ఆడిట్ ఆఫీసులో ట్రైనీని. ఒక సందేహం. బాకీల్లో జీఎస్‌టీ కలిసి ఉంటుంది, అమ్మకాల్లో ఉండదు. అప్పుడు 106 రోజులు ఎక్కువ చూపినట్టు కాదా? ఇంకా, క్విక్ రేషియో ఎవరూ అడగలేదేం?

క్రెడిట్_డెస్క్
మొదటిది మంచి పాయింట్. అట్టపెట్టెల మీద 2024 జులైలో పన్ను 18 నుంచి 12 శాతానికి తగ్గింది. మార్చి నాటి బాకీలు ఎక్కువ భాగం ఆ తర్వాతి బిల్లులే కాబట్టి 280ని 1.12తో భాగిస్తే 250, అంటే 95 రోజులు. బ్యాంకులో మాత్రం చాలామంది పన్ను తీయకుండా 106 అనే రాస్తారు. రెండేళ్లకూ ఒకే పద్ధతి వాడినంతవరకూ దిశ మారదు. నిరుడు బాకీలు ఎంత అన్నది ముఖ్యం.

క్విక్ రేషియో ఇలాంటి కంపెనీలో మోసం చేస్తుంది. నిల్వను తీసేసి బాకీలను నమ్ముతుంది అది. ఇక్కడ నిల్వలో ఉన్న క్రాఫ్ట్ పేపర్ రీళ్లు రేపు అమ్మినా డబ్బవుతాయి. కదలనివి బాకీలే.

పెట్టెల_యూనిట్
నిరుడు బాకీలు 196. సీసీ 132, డైరెక్టర్ల లోన్ 50 ఉండేది.

క్రెడిట్_డెస్క్
196 మీద 800 అమ్మకాలకు 89 రోజులు. ఏడాదిలో 17 రోజులు పెరిగింది. ఇప్పుడు ఈ రెండు వరసలు పక్కపక్కన పెట్టి చూడండి. బాకీలు పెరిగింది 84. సీసీ పెరిగింది 46, డైరెక్టర్లు అదనంగా వేసింది 30, రెండూ కలిపి 76. కొత్తగా తెచ్చిన అప్పంతా దాదాపుగా కస్టమర్ల దగ్గరకు వెళ్లి కూర్చుంది. 250 లిమిట్ కావాలని మీరు అడిగితే, ఇంకో 70 కూడా అక్కడికే పోతుందా అని ఆఫీసర్ అనుకుంటారు. రేషియోల్లో ఆయన వెతికేది ఈ కథనే.

లెక్కల_మనిషి
అమ్మకాలు 20 శాతం పెరిగితే బాకీలు పెరగవా? లాభం తగ్గింది నిజమే, కానీ అది వడ్డీ వల్ల. వ్యాపారంలో లాభం తగ్గలేదు కదా.

క్రెడిట్_డెస్క్
బాకీలు కూడా 20 శాతమే పెరిగి ఉంటే 235 దగ్గర ఆగేవి. 280 అయ్యాయి. ఆ 45 లక్షలు అమ్మకాల పెరుగుదల వల్ల వచ్చినవి కావు, వసూలు మందగించడం వల్ల వచ్చినవి.

లాభం సంగతి చూడాలంటే ఖర్చులు విడివిడిగా కావాలి.

పెట్టెల_యూనిట్
ఈ ఏడాది: ముడిసరుకు 672, కూలీ, కరెంటు, ఫ్యాక్టరీ ఖర్చులు 134, ఆఫీసు, రవాణా 70, తరుగుదల 24, వడ్డీ 42.
నిరుడు: ముడిసరుకు 544, ఫ్యాక్టరీ 114, ఆఫీసు, రవాణా 58, తరుగుదల 26, వడ్డీ 34.
వడ్డీలో టర్మ్ లోన్‌ది ఈ ఏడాది 12, నిరుడు 15. పన్ను పోను లాభం 13.5, నిరుడు 18.

విశాఖ_సీఏ
ఇక్కడ నేను కలగజేసుకుంటాను. వడ్డీకీ తరుగుదలకూ ముందున్న లాభం ఈ ఏడాది 84, నిరుడు కూడా 84. లెక్కల_మనిషి గారు అన్నట్టు తగ్గలేదు. కానీ 160 లక్షల అదనపు అమ్మకాలు ఆ స్థాయిలో ఒక్క రూపాయి కూడా కలపలేదు. శాతంగా 10.5 నుంచి 8.75కి దిగింది. ఫ్యాక్టరీ ఖర్చు 14.25 నుంచి 14 శాతానికి కాస్త తగ్గింది, ఆఫీసు ఖర్చు మారలేదు. ముడిసరుకు ఒక్కటే 68 శాతం నుంచి 70కి పెరిగింది. 960 మీద 2 శాతం అంటే 19 లక్షలు. మీ పన్నుకు ముందు లాభమే 18.

ఆ 2 శాతం ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చకుండా బ్యాంకుకు వెళ్లకండి. పేపర్ ధర పెరిగి పెట్టె రేటు పెంచలేకపోయారా, వేస్టేజ్ పెరిగిందా, లేక కొత్త కస్టమర్‌కు తక్కువ రేటుకు ఇచ్చారా? ఇది రూపాయల్లో తేలదు, కిలోల్లో తేలుతుంది. ఏడాదిలో వాడిన పేపర్ టన్నులు, పంపిన పెట్టెల బరువు టన్నుల్లో, అమ్మిన తుక్కు టన్నుల్లో తీయండి. వాడిన పేపర్‌కూ పెట్టెలకూ మధ్య నిష్పత్తి నిరుటిలాగే ఉంటే సమస్య రేటులో ఉంది. అది పెరిగితే సమస్య మెషీన్ దగ్గరో, సైజుల కటింగ్‌లోనో ఉంది. పెట్టెల బరువుకూ తుక్కు బరువుకూ కలిపినా వాడిన పేపర్‌కు చాలా తక్కువ వస్తే నిల్వ లెక్కే తప్పు. జిగురు బరువు కలుస్తుంది, పేపర్‌లో తేమ పోతుంది, కాబట్టి కొద్ది తేడా మామూలే.

నిల్వ లెక్క విషయం మరీ జాగ్రత్త. మార్చి నిల్వ 150 అని రాశారు. అందులో 15 ఎక్కువ రాసి ఉంటే మీ లాభం 18 కాదు, 3. స్టాక్ ఆడిట్‌కు వచ్చినవాళ్లు మొదట చూసేది రీళ్ల మీది బరువు చీటీలు, తడిసిన రీళ్లు, ప్రింట్ అయిపోయి కస్టమర్ తీసుకోని పెట్టెలు. ఒకరి బ్రాండ్ ప్రింట్ చేసిన పెట్టె ఇంకొకరికి పనికిరాదు, దానికి తుక్కు ధర కట్టాల్సిందే.

పెట్టెల_యూనిట్
మేడమ్, ఇద్దరు పెద్ద కస్టమర్లతో ఆరు నెలల ఫిక్స్‌డ్ రేటు ఒప్పందం ఉంది. మధ్యలో క్రాఫ్ట్ ధర పెరిగింది. కిలోల లెక్క నెలవారీ ఎప్పుడూ తీయలేదు, ఇప్పుడు తీస్తాను. ఆ ఆగిపోయిన కస్టమర్ ప్రింట్ పెట్టెలు ఇంకా గోదాములో ఉన్నాయి, దాదాపు 7 లక్షలు ఖరీదు రాసి ఉంది.

విశాఖ_సీఏ
అవి తుక్కు ధరకు దించండి. 7లో చాలాభాగం పోతుంది. ఆడిటర్ ఎలాగూ అడుగుతారు.

బావమరిది సంస్థకు ఇచ్చిన 18 గురించి కూడా ఒక మాట. అది రేషియో సమస్య మాత్రమే కాదు. డైరెక్టర్ గానీ డైరెక్టర్ బంధువు గానీ పార్ట్‌నర్‌గా ఉన్న ఫర్మ్‌కు కంపెనీ అప్పివ్వకూడదని కంపెనీల చట్టం సెక్షన్ 185 చెబుతుంది. ప్రైవేట్ కంపెనీలకు మినహాయింపు ఉంది, కానీ బ్యాంకు అప్పు పెయిడప్ క్యాపిటల్‌కు రెండింతల లోపే ఉండాలన్నది దాని షరతుల్లో ఒకటి. మీ పెయిడప్ 50, బ్యాంకు అప్పు 278. మీకు వర్తించదు. బావమరిది ఆ చట్టం లెక్కలో బంధువు అవుతాడా అన్నది విడిగా చూడాలి, భార్య కూడా ఆ ఫర్మ్‌లో ఉంటే సందేహమే లేదు. ఏదేమైనా వెనక్కి తెప్పించండి. ఆ 18 వచ్చి సీసీలో జమ అయితే 178 కాస్తా 160 అవుతుంది, బ్యాంకు లెక్కలో రేషియో 382 ÷ 342, 1.12కి చేరుతుంది.

కొత్తగా_చేరా
మేడమ్, ఆడిటెడ్ లెక్కల్లో రేషియోలు ఎలాగూ రాయాలి కదా? 25 శాతం దాటి మారితే కారణం కూడా.

విశాఖ_సీఏ
అవును. 2021 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల చట్టం షెడ్యూల్ 3 ప్రకారం 11 రేషియోలు ఇవ్వాలి, 25 శాతం దాటి మారినదానికి వివరణ రాయాలి. వీరికి నికర లాభం రేషియో 2.25 నుంచి 1.4కి పడింది, కాబట్టి వివరణ తప్పదు. అక్కడ "మార్కెట్ పరిస్థితులు" అని రాస్తే బ్యాంకు దాన్ని చదివి పక్కన పెట్టేస్తుంది. ముడిసరుకు 68 నుంచి 70 శాతానికి పెరిగింది, ఫలానా ఒప్పందం రేటు ఫలానా నెలలో సవరించాం అని రాయండి.

అదే మార్పుల్లో ఇంకొకటి వచ్చింది, దాన్ని చాలామంది పట్టించుకోరు. నిల్వలూ బాకీల మీద బ్యాంకు అప్పు తీసుకున్న కంపెనీ, బ్యాంకుకు ఇచ్చిన త్రైమాసిక స్టేట్‌మెంట్లు పుస్తకాలతో సరిపోయాయా లేదా అని నోట్స్‌లో చెప్పాలి. పెట్టెల_యూనిట్ గారూ, మార్చి స్టాక్ స్టేట్‌మెంట్‌లో ఏమిచ్చారు?

పెట్టెల_యూనిట్
నిల్వ 172, సప్లయర్ల బాకీ 90, 90 రోజుల్లోపు కస్టమర్ బాకీలు 220. బ్యాంకు తగ్గించి చూసే మార్జిన్ రెండింటికీ 25 శాతం. సీసీలో వాడుకోగలిగిన మొత్తం, అదే డ్రాయింగ్ పవర్, 226.5 వచ్చింది.

క్రెడిట్_డెస్క్
ఇది ఈ మొత్తం చర్చలో అతి ముఖ్యమైన పోస్టు, అందరూ ఆగి చూడండి.

స్టేట్‌మెంట్ ప్రకారం 172లో సప్లయర్లకు బాకీ ఉన్న 90 తీసేస్తే డబ్బు చెల్లించిన సరుకు 82, మార్జిన్ పోను 61.5. బాకీలు 220లో మార్జిన్ పోను 165. కలిపి 226.5. సీసీ 178 దానిలోపే ఉంది.

ఇప్పుడు పుస్తకాల ప్రకారం. నిల్వ 150, సప్లయర్ల బాకీ 130, మిగిలింది 20, మార్జిన్ పోను 15. 90 రోజుల్లోపు బాకీలు 190, మార్జిన్ పోను 142.5. మొత్తం 157.5. వాడకం 178. అంటే మార్చి 31న మీరు నిజమైన డ్రాయింగ్ పవర్ కంటే 20 లక్షలకు పైగా ఎక్కువ వాడుతున్నారు. ఇలా డ్రాయింగ్ పవర్ దాటిన బ్యాలెన్స్ 90 రోజులపాటు ఆగకుండా కొనసాగితే అకౌంట్ మొండి బకాయి కింద వర్గీకరణ అవుతుంది. ఆడిటెడ్ లెక్కలు చేతికి రాగానే బ్యాంకు మొదట చేసే పని ఈ పోలికే.

నిల్వలో 22, సప్లయర్ల బాకీలో 40, కస్టమర్ బాకీల్లో 30 లక్షల తేడాలు ఎందుకు వచ్చాయి?

పెట్టెల_యూనిట్
దాచాలని కాదండి. స్టేట్‌మెంట్ అకౌంటెంట్ తేదీ 7లోపు పంపేయాలి కాబట్టి నిల్వ అంచనా వేసి పంపుతారు. మార్చి ఆఖరి వారం వచ్చిన పేపర్ బిల్లులు ఏప్రిల్‌లో ఎంట్రీ అయ్యాయి, అందుకే సప్లయర్ల బాకీ తక్కువ కనబడింది. బాకీల్లో 30 ఎలా ఎక్కువైందో చూడాలి.

లెక్కల_మనిషి
బిల్లు తేదీ కాకుండా గడువు తేదీ నుంచి 90 రోజులు లెక్కపెట్టి ఉంటారు. టాలీలో ఏజింగ్ రిపోర్టులో ఆ రెండు ఆప్షన్లూ ఉంటాయి, ఏది ఉంటే అది ప్రింట్ తీసేస్తారు. 30 రోజుల క్రెడిట్ ఇచ్చిన బిల్లు గడువు నుంచి 90 అంటే బిల్లు నుంచి 120. మీ 90 నుంచి 180 రోజుల మధ్య ఉన్న 30 అక్కడికే చేరి ఉంటుంది.

క్రెడిట్_డెస్క్
సరిగ్గా చెప్పారు, అదే అయి ఉంటుంది. శాంక్షన్ లెటర్‌లో బిల్లు తేదీ నుంచా, గడువు తేదీ నుంచా అన్నది రాసి ఉంటుంది. అది తీసి చూడండి. సవరించిన స్టేట్‌మెంట్‌ను మీరే ముందుగా ఇవ్వండి. ఆడిటర్ నోట్‌లో బ్యాంకు చదివి అడగడం కంటే, మీరే కారణంతో సహా ఇవ్వడం ఎంతో నయం.

ఇప్పుడు టర్మ్ లోన్ కట్టే శక్తి. పన్ను పోను లాభం 13.5, తరుగుదల 24, టర్మ్ లోన్ వడ్డీ 12, మొత్తం 49.5. కట్టాల్సింది వాయిదాలు 30, వడ్డీ 12, మొత్తం 42. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే డీఎస్‌సీఆర్ 1.18. నిరుడు 59 ÷ 45, 1.31. బ్యాంకును బట్టి మారుతుంది గానీ సగటున 1.5, ఏ ఒక్క ఏడాదిలోనూ 1.2కి తగ్గకూడదన్నది ఎక్కువగా వినిపించే గీత. 1.18 అంటే ఏడాదంతా కష్టపడి వాయిదాలు కట్టాక 7.5 లక్షలు మిగులుతుంది. అదే ఏడాది బాకీలకు 84 లక్షలు పోయాయి.

గుంటూరు_మిల్లు
డైరెక్టర్లు 80 లక్షలు వేశారు కదా. అది సొంత డబ్బే. దాన్ని బ్యాంకు అప్పుగా చూస్తే అన్యాయం.

క్రెడిట్_డెస్క్
దీని మీద బ్యాంకుల్లోనే ఏకాభిప్రాయం లేదు. అప్పుగా చూస్తే మొత్తం బయటి బాధ్యతలు 510, నెట్ వర్త్ 140, నిష్పత్తి 3.64. చాలా బ్యాంకులు 3 దాటితే ముఖం ముడుస్తాయి. డైరెక్టర్లు "బ్యాంకు అప్పు తీరేదాకా ఈ డబ్బు వెనక్కి తీసుకోం" అని రాసిస్తే కొన్ని బ్యాంకులు దాన్ని మూలధనంలా లెక్కిస్తాయి. అప్పుడు 430 ÷ 220, 1.95. బావమరిది సంస్థ 18 తీసేసినా 430 ÷ 202, 2.13. అంటే ఒక్క లెటర్‌తో 3.64 కాస్తా 2 దరిదాపుల్లోకి వస్తుంది. అయితే ఆ డబ్బు మీద డైరెక్టర్లు ఎంత వడ్డీ తీసుకుంటున్నారో, మధ్యలో తీసి మళ్లీ వేశారో లెడ్జర్ చూస్తారు. మార్చి 28న వేసి ఏప్రిల్ 5న తీసిన 10 లక్షలను ఎవరూ మూలధనం అనుకోరు.

విశాఖ_సీఏ
నా అభిప్రాయం వేరు. లెటర్ కంటే 80లో కనీసం 50 షేర్ క్యాపిటల్‌గా మార్చడం మేలు. వడ్డీ భారం తగ్గుతుంది, లాభం పెరుగుతుంది, డీఎస్‌సీఆర్ కూడా మెరుగవుతుంది. ఎక్కువగా తీసుకునే 12 శాతమే అనుకుంటే 50 మీద ఏడాదికి 6 లక్షల వడ్డీ.

పెట్టెల_యూనిట్
12 శాతమే మేడమ్. కానీ షేర్లుగా మారిస్తే డైరెక్టర్లు రేపు అవసరానికి డబ్బు తీసుకోలేరు కదా. ఇంట్లో దీని మీద ఇంకా ఒప్పందం కుదరలేదు.

అసలు ప్రశ్న ఆ 60 లక్షలది. ఈ ఏడాదే పుస్తకాల్లోంచి కొట్టేసి రైటాఫ్ చేయాలా? చేస్తే లాభం 18 పోయి 42 నష్టం అవుతుంది.

లెక్కల_మనిషి
వద్దే వద్దు. నష్టం చూపిస్తే లిమిట్ పెంచడం దేవుడెరుగు, ఉన్నదే తగ్గిస్తారు. ఎలాగూ బ్యాంకు దాన్ని కరెంట్ నుంచి తీసేసింది. మళ్లీ మనం ఎందుకు కొట్టేయాలి?

విశాఖ_సీఏ
బ్యాంకు కరెంట్ నుంచి తీసింది, నెట్ వర్త్ నుంచి ఇంకా తీయలేదు. డబ్బు రాదని తెలిశాక పుస్తకాల్లో ఉంచడం ఆడిటర్ ఒప్పుకునే విషయం కాదు. షెడ్యూల్ 3 ఏజింగ్ పట్టికలో అది ఎలాగూ కనబడుతుంది. పన్ను పరంగా చూస్తే పోవచ్చని పక్కన పెట్టే ప్రొవిజన్‌కు మినహాయింపు లేదు, రైటాఫ్‌కు ఉంది. కాబట్టి మధ్యేమార్గంగా కొంత ప్రొవిజన్ చేస్తే లాభమూ పోతుంది, పన్నూ తగ్గదు. కస్టమర్ ఇంకా చిన్న మొత్తాలు పంపుతున్నాడంటే పూర్తిగా పోయిందని చెప్పలేం. బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ సంతకంతో తెప్పించగలిగితే ఒక మాట, తెప్పించలేకపోతే ఇంకో మాట.

క్రెడిట్_డెస్క్
నేను బ్యాంకు వైపు నుంచి చెబుతాను. మొత్తం 60 పోయిందనుకుంటే, డైరెక్టర్ల డబ్బు కలిపిన 202 కాస్తా 142 అవుతుంది, 430 ÷ 142 అంటే 3.03. గీత మీద ఉంటారు. ఆఫీసర్ ఈ లెక్క మీకు చెప్పకపోయినా తన నోట్‌లో వేస్తారు. అందుకే రైటాఫ్ చేశారా లేదా అన్నదాని కంటే, ఆ కస్టమర్ మీద ఏం చేశారు అన్నదానికి కాగితం ఉండడం ముఖ్యం. మీకు ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంటే ఆలస్యపు బాకీ మీద ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు, 45 రోజులు దాటిన బాకీకి చట్టం చక్రవడ్డీ కూడా ఇస్తుంది. సరఫరా తేదీకి ముందే ఉద్యం నమోదై ఉండాలన్నది చూసుకోండి.

కొత్తగా_చేరా
పెద్ద కస్టమర్లు మామూలుగా కడుతున్నవాళ్ల బిల్లులు ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ బిల్ డిస్కౌంటింగ్ వేదికలో పెట్టొచ్చు కదా సర్? 250 కోట్లు దాటిన టర్నోవర్ ఉన్న కంపెనీలు అందులో చేరాలి కదా.

క్రెడిట్_డెస్క్
పెట్టొచ్చు, వీరికి నిజంగా పనికొచ్చేది అదే. బయ్యర్ బిల్లు ఒప్పుకున్నాక ఫైనాన్సర్ డబ్బు ఇస్తాడు, బయ్యర్ కట్టకపోయినా మీ మీదకు రాడు. బాకీ పుస్తకాల నుంచి పోతుంది. ఒక్క జాగ్రత్త. ఆ బాకీల మీద ఇప్పటికే మీ బ్యాంకుకు ఛార్జ్, అంటే తాకట్టు హక్కు ఉంది. ముందు బ్యాంకు దగ్గర ఎన్ఓసీ తీసుకోవాలి, ట్రెడ్స్‌లో డిస్కౌంట్ చేసిన బిల్లులను స్టాక్ స్టేట్‌మెంట్ నుంచి తీసేయాలి. ఒకే బిల్లు మీద రెండుచోట్ల డబ్బు తీసుకుంటే అది రేషియో సమస్య కాదు, ఇంకా పెద్దది.

చక్రం ఎంత కదులుతుందో చూడండి. ఆరు నెలలు దాటిన 60 పక్కన పెట్టి, మిగతా 220లో ఇద్దరు పెద్ద కస్టమర్ల బాకీ ఎంత?

పెట్టెల_యూనిట్
ఇద్దరివీ కలిపి 90. ఒకరు 250 కోట్లు దాటిన కంపెనీ, వాళ్లది 55. ఇంకొకరు అంత పెద్దవారు కాదు.

క్రెడిట్_డెస్క్
అయితే ఆ 55 డిస్కౌంట్ చేస్తే సీసీ 178 నుంచి దాదాపు 123కి వస్తుంది. డ్రాయింగ్ పవర్ 157.5లో ఆ 55 మీద వచ్చిన 41 పోయి 116 అవుతుంది. తేడా 20 నుంచి 7 లక్షలకు తగ్గింది. బావమరిది సంస్థ 18 కూడా వస్తే వాడకం డ్రాయింగ్ పవర్ లోపలికి వచ్చేస్తుంది. 250 అడగాల్సిన అవసరమే ఇప్పుడు ఉందా అన్నది అప్పుడు మళ్లీ చూడొచ్చు.

లెక్కల_మనిషి
కానీ అమ్మకాలు 1250కి వెళ్తే పేపర్ కొనడానికి డబ్బు కావాలి కదా. సప్లయర్లను ఇంకా లాగడం కుదరదు. మైక్రో, స్మాల్ సప్లయర్లకు గడువులోపు, గరిష్ఠంగా 45 రోజుల్లో, కట్టకుండా ఏడాది దాటిస్తే ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చు ఆ ఏడాది ఒప్పుకోరు.

విశాఖ_సీఏ
వీరి సప్లయర్లలో ఎంతమంది ఆ కోవలో ఉన్నారో చూడాలి. పేపర్ మిల్లులు మీడియం అయితే, లేదా అమ్మేది ట్రేడర్ అయితే ఆ నిబంధన వర్తించదు. 130లో ఏది ఎవరిదో విడగొట్టండి. అది తేలకుండా 1250 అంచనా సీఎంఏలో పెట్టకండి. ఇప్పుడున్న రేట్లకే ఇంకో 290 లక్షల సరుకు అమ్మితే వడ్డీకీ తరుగుదలకూ ముందున్న లాభం 84 దగ్గరే ఆగుతుందా, ఇంకా తగ్గుతుందా అన్నది బ్యాంకు అడిగే మొదటి ప్రశ్న.

పెట్టెల_యూనిట్
కిలోల లెక్క ఏప్రిల్, మే నెలలకు వేశాను. వాడిన పేపర్ 100 కిలోలకు పెట్టెలు 89, తుక్కు 9. నిరుడు ఇదే రెండు నెలలకు పెట్టెలు 90, తుక్కు 9. వేస్టేజ్ పెద్దగా మారలేదు, రేటే. ఒప్పందం జులైలో తిరిగి రాయాలి. క్రాఫ్ట్ ధరతో పెట్టె రేటు కదిలేలా క్లాజ్ అడగబోతున్నాం. దాన్ని బ్యాంకుకు ఇచ్చే ఫైల్లో పెట్టమంటారా, ఒప్పందం సంతకాలయ్యాకే ఇవ్వమంటారా?

క్రెడిట్_డెస్క్
సంతకాలయ్యాకే. ఈలోగా ఆడిటెడ్ లెక్కలు, సవరించిన మార్చి స్టాక్ స్టేట్‌మెంట్, 18 లక్షలు తిరిగి జమ అయిన అకౌంట్ స్టేట్‌మెంట్ ఇవ్వండి. సీసీ అకౌంట్‌లో ఏడాది మొత్తం జమలు కూడా మీరే కూడి చూసుకోండి. జీఎస్‌టీతో కలిపి బిల్లులు 1090 అనుకుంటే, బాకీలు పెరిగిన 84 తీసేసి దాదాపు 1000 ఆ అకౌంట్‌లోకి వచ్చి ఉండాలి. చాలా తక్కువ కనబడితే మిగతాది ఏ అకౌంట్‌లోకి వెళ్లిందని అడుగుతారు, జవాబు దగ్గర పెట్టుకోండి.